హైడ్రోజన్ శక్తి స్థాయిలు, వర్ణపట శ్రేణులు, ఫోటాన్ లెక్కలు: తరచుగా అడిగే ప్రశ్నలు

ఇంటర్ సెకండియర్ ఫిజిక్స్‌లో ‘పరమాణువులు’ చాప్టర్ చిన్నదే. బోర్డు పరీక్షకైనా, ఈఏపీసెట్, నీట్ లాంటి వాటికైనా ఇందులోంచి వచ్చే లెక్కలు చాలావరకు ఒకే దారిలో నడుస్తాయి. ముందు శక్తి స్థాయిలు రాసుకోవాలి, తర్వాత తీసివేయాలి, చివర్లో మాత్రమే తరంగదైర్ఘ్యంలోకి మారాలి. కింది జవాబులన్నీ ఆ వరసలోనే ఉంటాయి. ఎలక్ట్రాన్లతో కొట్టడానికీ ఫోటాన్లతో కొట్టడానికీ ఉన్న తేడా దగ్గర చాలామంది బోల్తా పడతారు కాబట్టి అక్కడ కాస్త ఎక్కువసేపు ఆగాం.

ఏయే అంకెలు కంఠతా వచ్చి ఉండాలి?

నిజానికి గుర్తుంచుకోవాల్సినవి రెండే.

```
E = −13.6 / n²   (eV లో)
λ = 1240 / ΔE    (ΔE eV లో, λ nm లో)
```

మొదటి దాంట్లో n విలువలు వేసుకుంటూ పోతే శక్తి స్థాయిల పట్టిక వస్తుంది. పరీక్ష మొదలవగానే రఫ్ షీటు మీద ఈ పట్టిక రాసేసుకుంటే, ఆ తర్వాత దీని మీద వచ్చే ప్రతి బిట్టూ తీసివేత లెక్కగా మారిపోతుంది.

```
n = 1    −13.6  eV
n = 2    −3.40  eV
n = 3    −1.51  eV
n = 4    −0.85  eV
n = 5    −0.544 eV
n = 6    −0.378 eV
n = ∞     0
```

స్థాయిల మధ్య ఖాళీలు చూడండి. 1కీ 2కీ మధ్య 10.2 eV ఉంటే, 2కీ 3కీ మధ్య 1.89 మాత్రమే. 3కీ 4కీ మధ్య 0.66. పైకి వెళ్లేకొద్దీ స్థాయిలు ఒకదానికొకటి దగ్గరై, సున్నా దగ్గర గుమిగూడుతాయి. తర్వాత వచ్చే సగం ప్రశ్నలకు జవాబు ఈ ఒక్క విషయంలోనే ఉంది.

ఇక 1240 ఎక్కడిదంటే, ప్లాంక్ స్థిరాంకాన్ని కాంతి వేగంతో గుణించి, జౌల్స్‌ను ఎలక్ట్రాన్ వోల్టుల్లోకి, మీటర్లను నానోమీటర్లలోకి మార్చితే వచ్చే సంఖ్య. కచ్చితంగా 1239.84. పరీక్షకు 1240 చాలు. ప్రశ్నలో ఆంగ్‌స్ట్రామ్‌లు అడిగితే 12400 వాడండి.

శక్తి మైనస్‌లో ఎందుకు ఉంటుంది? స్థితిజశక్తి, గతిజశక్తి అడిగితే ఎలా?

ఎలక్ట్రాన్ పరమాణువు నుంచి పూర్తిగా విడిపోయి కదలకుండా ఉన్నప్పుడు దాని శక్తిని సున్నాగా తీసుకుంటాం. కేంద్రకానికి కట్టుబడి ఉన్న ఎలక్ట్రాన్ బాకీ పడ్డ మనిషి లాంటిది. −13.6 అంటే బయటపడాలంటే 13.6 eV చెల్లించాలని అర్థం. n = 2 లో ఉంటే బాకీ 3.4 మాత్రమే. అందుకే అయనీకరణ శక్తి అడిగితే ఆ స్థాయి శక్తిలో మైనస్ తీసేసి రాస్తే సరిపోతుంది.

బోర్ నమూనాలో గతిజశక్తి మొత్తం శక్తికి గుర్తు మార్చినంత, స్థితిజశక్తి మొత్తం శక్తికి రెట్టింపు. n = 2 కి మొత్తం −3.4 కాబట్టి గతిజశక్తి +3.4, స్థితిజశక్తి −6.8 eV. రెండూ కలిపితే మళ్లీ −3.4 రావాలి. రాకపోతే ఎక్కడో గుర్తు తప్పింది.

ఏ రేఖ ఏ శ్రేణికి చెందుతుందో ఎలా చెప్పాలి?

ఎలక్ట్రాన్ ఎక్కడ నుంచి దూకిందన్నది చూడక్కర్లేదు, ఎక్కడ దిగిందో చూడండి. n = 1 కి దిగితే లైమన్, 2 కి దిగితే బామర్, 3 కి పాశ్చన్, 4 కి బ్రాకెట్, 5 కి ఫండ్. లైమన్ మొత్తం అతినీలలోహితంలో ఉంటుంది. బామర్‌లో కంటికి కనిపించే రేఖలున్నాయి. మిగతా మూడూ పరారుణంలోనే.

కంటికి కనిపించేది కాబట్టే బామర్ శ్రేణికి ముందు లెక్క దొరికింది. స్విట్జర్లాండ్‌లోని బాసెల్‌లో పాఠాలు చెప్పుకునే బామర్ 1885లో కనిపించే నాలుగు రేఖల తరంగదైర్ఘ్యాలు చూసి, వాటికి సరిపోయే సూత్రం కట్టాడు. అది ఎందుకు సరిపోతోందో చెప్పడానికి 1913లో బోర్ రావాల్సి వచ్చింది. మధ్యలో 1888లో రిడ్‌బర్గ్ ఆ సూత్రాన్నే అందరికీ తెలిసిన 1/λ రూపంలో రాశాడు.

‘మొదటి రేఖ’, ‘శ్రేణి అవధి’ అంటే ఏవి? ఏది పొడవైన తరంగదైర్ఘ్యం?

మొదటి రేఖ అంటే పక్క స్థాయి నుంచే దిగేది. దానికి శక్తి తక్కువ కాబట్టి తరంగదైర్ఘ్యం ఎక్కువ. శ్రేణి అవధి అంటే అనంతం నుంచి దిగేది. దానికి శక్తి ఎక్కువ, తరంగదైర్ఘ్యం తక్కువ. ‘కనిష్ఠ తరంగదైర్ఘ్యం’ అని ప్రశ్నలో కనిపిస్తే n = ∞ నుంచి లెక్కించాలి. కంగారులో పక్క స్థాయిని తీసుకునేవాళ్లు చాలామంది, ఆ తప్పు జవాబు కూడా ఆప్షన్లలో సిద్ధంగా ఉంటుంది.

లైమన్ మొదటి రేఖ శక్తి 10.2, కాబట్టి 1240/10.2 అంటే దాదాపు 121.6 nm. అవధికి శక్తి 13.6, అంటే 91.2 nm. లైమన్ శ్రేణి మొత్తం ఈ ముప్ఫై నానోమీటర్ల చిల్లరలోనే ఇరుక్కుని ఉంటుంది. బామర్‌కు మొదటి రేఖ 656 nm, అవధి 364.7 nm. పాశ్చన్‌కు 1875 నుంచి 820 nm వరకు.

పాశ్చన్‌కూ బ్రాకెట్‌కూ మధ్య ఓ చిన్న మెలిక ఉంది. బ్రాకెట్ అవధి 1240/0.85, అంటే దాదాపు 1459 nm. పాశ్చన్ మొదటి రేఖ 1875 nm. అంటే బ్రాకెట్ చివరి రేఖలు పాశ్చన్ మొదటి రేఖ కన్నా తక్కువ తరంగదైర్ఘ్యం దగ్గర ఉంటాయి, రెండు శ్రేణులూ ఒకదాంట్లోకి ఒకటి చొరబడతాయి. లైమన్, బామర్ శ్రేణులకు ఈ గొడవ లేదు, అవి విడివిడిగానే ఉంటాయి. ‘ఏ శ్రేణులు అతివ్యాప్తం అవుతాయి’ అని అడిగితే ఈ అవధులు వేసుకుని చూడడమే.

బామర్ శ్రేణి అంతా కంటికి కనిపిస్తుందా?

కనిపించదు. 3, 4, 5, 6 నుంచి 2 కి దిగే నాలుగు రేఖలు మాత్రమే సులువుగా కనిపిస్తాయి: 656 nm దగ్గర ఎరుపు, 486 దగ్గర నీలం-ఆకుపచ్చ, 434 దగ్గర నీలం-ఊదా, 410 దగ్గర ఊదా. 7 నుంచి దిగేది 397 nm దగ్గర పడుతుంది. అక్కడ మన కన్ను దాదాపు చేతులెత్తేస్తుంది. ఆ పైనవన్నీ అతినీలలోహితమే. ‘బామర్ శ్రేణి దృగ్గోచర ప్రాంతంలో ఉంటుంది’ అని పుస్తకాల్లో రాసే వాక్యాన్ని ఈ పరిమితితో చదువుకోవాలి.

తరంగదైర్ఘ్యం ఇచ్చి ‘ఏ స్థాయి నుంచి ఏ స్థాయికి’ అని అడిగితే?

వెనక్కి నడవాలి. 434 nm రేఖ తీసుకుందాం. శక్తి 1240/434 = 2.857 eV. తరంగదైర్ఘ్యం కంటికి కనిపించే ప్రాంతంలో ఉంది కాబట్టి దిగింది n = 2 కే. ఆ స్థాయి శక్తి −3.40. దానికి 2.857 కలిపితే పై స్థాయి శక్తి −0.543. ఇప్పుడు n² = 13.6/0.543 = 25.05. అంటే n = 5. వర్గమూలం తీస్తే పూర్ణాంకానికి ఇంత దగ్గరగా రావడమే మన లెక్క సరైనదనడానికి రుజువు.

పూర్ణాంకం రాకపోతే? దానికి గుంటూరు కథ ఒకటుంది. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం పట్టినప్పుడు ఫ్రెంచి ఖగోళ శాస్త్రవేత్త జాన్సెన్ గుంటూరు నుంచి స్పెక్ట్రోస్కోపుతో సూర్యుడి అంచున లేచే జ్వాలలను చూశాడు. వాటిలో ప్రకాశవంతమైన రేఖలు కనిపించాయి. ఎర్రటిది, నీలం-ఆకుపచ్చది హైడ్రోజన్‌వే, అంటే మన 3→2, 4→2 రేఖలు. ఆ గ్రహణంలో ఒక పసుపు రేఖ కూడా కనిపించింది. మొదట దాన్ని సోడియం రేఖ అనుకున్నారు. దాని తరంగదైర్ఘ్యం 587.6 nm. పై పద్ధతిలోనే పరీక్షించి చూడండి. 1240/587.6 = 2.11 eV. −3.40 కి కలిపితే −1.29. n² = 10.54, n = 3.25. అలాంటి స్థాయి హైడ్రోజన్‌లో లేదు. అది హీలియం రేఖ. అప్పటికి బోర్ సూత్రం లేదు కాబట్టి వాళ్లు వేరే దారిలో వెళ్లాల్సి వచ్చింది. మనకు మాత్రం అర నిమిషం లెక్క.

1240 పద్ధతి మేలా, రిడ్‌బర్గ్ సూత్రం మేలా?

శక్తి గానీ తరంగదైర్ఘ్యం విలువ గానీ అడిగితే 1240. నిష్పత్తి అడిగితే రిడ్‌బర్గ్. ఉదాహరణకు లైమన్ మొదటి రేఖకూ బామర్ మొదటి రేఖకూ తరంగదైర్ఘ్యాల నిష్పత్తి అడిగారనుకోండి. లైమన్‌ది 4/(3R), బామర్‌ది 36/(5R). భాగిస్తే 5/27. ఎక్కడా దశాంశం రాదు, R విలువే అక్కర్లేదు.

1240 పద్ధతిలో ఒక ప్రమాదం ఉంది, అది రౌండింగ్. 3→2 తేడాను 1.9 గా కుదించేస్తే తరంగదైర్ఘ్యం 652.6 nm వస్తుంది. 1.89 వాడితే 656.1. అసలు విలువ 656.3. ఆప్షన్లు దగ్గరదగ్గరగా ఉంటే ఈ తేడాతోనే బిట్టు పోతుంది. పైస్థాయిల మధ్య ఇంకా జాగ్రత్త. 6→5 కి పట్టికలోంచి తీసివేస్తే 0.166, దాంతో 7470 nm. భిన్నాలతో చేస్తే 13.6 × 11/900 = 0.1662, అప్పుడు 7460. దగ్గరగా ఉన్న రెండు చిన్న సంఖ్యలను తీసివేసినప్పుడు పొరపాటు పెద్దదై కూర్చుంటుంది. కాబట్టి n = 3, ఆ పైన ఉన్న స్థాయిల మధ్య లెక్కల్లో భిన్నాన్ని ముందు సూక్ష్మీకరించి, ఆ తర్వాతే 13.6 తో గుణించండి.

పౌనఃపున్యం అడిగితే శక్తిని జౌల్స్‌లోకి మార్చి h తో భాగించాలి. 12.75 eV ఫోటాన్‌కు 12.75 × 1.602×10⁻¹⁹ ÷ 6.626×10⁻³⁴, అంటే దాదాపు 3.08×10¹⁵ Hz. ఇక్కడ eV ని మార్చకుండా h తో భాగించేస్తే జవాబు 10³⁴ దాకా పోతుంది. హైడ్రోజన్ ఫోటాన్ పౌనఃపున్యాలు 10¹³ నుంచి 10¹⁵ వరకే ఉంటాయని గుర్తుంటే ఆ తప్పు అక్కడికక్కడే తెలిసిపోతుంది.

12.5 eV ఎలక్ట్రాన్లతో హైడ్రోజన్‌ను కొడితే ఏ రేఖలు వస్తాయి? అదే 12.5 eV ఫోటాన్లయితే?

ఈ చాప్టర్‌లో నాకు అన్నిటికన్నా నచ్చిన ప్రశ్న ఇది. సంఖ్య ఒకటే, జవాబులు వేరు.

ముందు ఎలక్ట్రాన్ సంగతి. ఎలక్ట్రాన్ తన గతిజశక్తిలో కొంత ఇచ్చి, మిగిలింది తన దగ్గరే ఉంచుకుని వెళ్లిపోగలదు. పరమాణువు భూస్థాయిలో ఉంది. దానికి కావాల్సినవి 10.2, లేదా 12.09, లేదా 12.75. చేతిలో 12.5 ఉంది. 10.2 ఇచ్చి 2.3 తో పోవచ్చు. 12.09 ఇచ్చి 0.41 తో పోవచ్చు. 12.75 ఇవ్వలేదు. కాబట్టి పరమాణువు n = 3 దాకా లేస్తుంది, అంతకు మించి లేవదు. తిరిగి దిగేటప్పుడు మూడు రేఖలు: 3→1 కి 102.6 nm, 2→1 కి 121.6 nm, 3→2 కి 656.3 nm. అంటే లైమన్‌వి రెండు, బామర్‌ది ఒకటి.

ఇప్పుడు ఫోటాన్. ఫోటాన్ తనలో కొంత ఇచ్చి మిగతాది పట్టుకెళ్లదు. మింగితే మొత్తం మింగుడు పడాలి, లేదా అలాగే దాటి పోవాలి. 12.5 అనే తేడా భూస్థాయి నుంచి ఏ స్థాయికీ లేదు. కాబట్టి భూస్థాయిలోని పరమాణువు దాన్ని శోషించదు, ఏ రేఖా రాదు. 12.09 eV ఫోటాన్ పంపితే మాత్రం n = 3 కి లేచి అవే మూడు రేఖలు వస్తాయి.

ఎలక్ట్రాన్లు ఇలా ముక్కలుగా శక్తి ఇస్తాయని 1914లో ఫ్రాంక్, హెర్ట్జ్ పాదరసపు ఆవిరిలో చూపించారు. ఎలక్ట్రాన్ శక్తి 4.9 eV చేరే వరకు అది పాదరసపు పరమాణువును తాకి ఊరికే ఎగిరిపోయేది. 4.9 చేరగానే ఆ శక్తిని ఒక్కసారిగా పోగొట్టుకునేది, ఆవిరి నుంచి 254 nm దగ్గర కాంతి వచ్చేది. 1240/4.9 వేసి చూడండి, 253 వస్తుంది.

ఎలక్ట్రాన్ దగ్గర ‘శక్తి మొత్తం వాడుకోవచ్చు’ అన్న మాటకు ఒక షరతు ఉంది. ఎలక్ట్రాన్ హైడ్రోజన్ పరమాణువు కన్నా దాదాపు 1837 రెట్లు తేలిక కాబట్టి, ఢీకొన్నప్పుడు పరమాణువు కదలడానికి పోయే శక్తి లెక్కలోకి రాదు. ఎలక్ట్రాన్ బదులు న్యూట్రాన్ గానీ, ఇంకో హైడ్రోజన్ పరమాణువు గానీ వచ్చి నిశ్చలంగా ఉన్న పరమాణువును కొడితే పరిస్థితి వేరు. రెండింటి ద్రవ్యరాశులు దాదాపు సమానం. ద్రవ్యవేగం నిలవాలంటే గతిజశక్తిలో సగం ఎప్పటికీ కదలికలోనే ఉండిపోతుంది. ఉత్తేజానికి మిగిలేది సగమే. కాబట్టి n = 2 కి లేపాలంటే కనీసం 20.4 eV కావాలి. జేఈఈ స్థాయి ప్రశ్నల్లో ‘న్యూట్రాన్’ అనే మాట కనిపిస్తే ఇదే అడుగుతున్నారని అనుకోవచ్చు.

ఇంకో చిన్న విషయం. గది ఉష్ణోగ్రత వద్ద నిజమైన హైడ్రోజన్ వాయువులో విడి పరమాణువులు ఉండవు, అణువులుంటాయి. డిశ్చార్జ్ గొట్టంలో ముందు ఆ అణువులు విడిపోవాలి, అందుకు అణువుకు దాదాపు 4.5 eV పడుతుంది. పరీక్ష ప్రశ్నలు దీన్ని పట్టించుకోవు, మీరూ పట్టించుకోనక్కర్లేదు.

ఎన్ని రేఖలు వస్తాయి అంటే n(n−1)/2 వేసేయొచ్చా?

వేయొచ్చు, ప్రశ్నలో ‘హైడ్రోజన్ వాయువు’ లేదా ‘పరమాణువుల సముదాయం’ అని ఉంటే. ఆ సూత్రం లెక్కించేది ఎన్ని రకాల దిగుళ్లు సాధ్యమో. n = 5 నుంచి మొదలైతే 10: లైమన్‌వి నాలుగు, బామర్‌వి మూడు, పాశ్చన్‌వి రెండు, బ్రాకెట్‌ది ఒకటి. ఇన్ని రావాలంటే ఒక్కో పరమాణువు ఒక్కో దారిలో దిగాలి.

ప్రశ్నలో ‘ఒక్క పరమాణువు’ అని ఉంటే కథ మారుతుంది. అది ఒక్కసారి దిగడంలో మెట్టు మెట్టుగా వస్తే 5→4→3→2→1, నాలుగు ఫోటాన్లు. ఒక్క దూకులో వస్తే ఒకటే. కాబట్టి గరిష్ఠం n−1. ఇక భూస్థాయి దాకా రాకుండా ‘n = 5 నుంచి n = 2 వరకు’ అంటే మధ్యనున్న స్థాయిలు 5, 4, 3, 2 నాలుగే, రేఖలు 4×3/2 = 6.

చల్లని హైడ్రోజన్ శోషణ వర్ణపటంలో లైమన్ రేఖలే ఎందుకు? మరి సూర్యుడి వర్ణపటంలో బామర్ రేఖలు నల్లగా కనిపిస్తాయి కదా?

శోషించాలంటే పరమాణువు కింది స్థాయిలో సిద్ధంగా ఉండాలి. బామర్ శోషణకు కొన్ని పరమాణువులు ముందే n = 2 లో ఉండాలి. గది ఉష్ణోగ్రతలో ఉష్ణశక్తి దాదాపు 0.026 eV. దాంతో 10.2 eV ఎత్తుకు ఎక్కడం జరిగే పని కాదు. అన్నీ భూస్థాయిలోనే ఉంటాయి, అందుకే లైమన్ తప్ప మరోటి రాదు.

సూర్యుడి ఉపరితలం 5800 కెల్విన్ దగ్గర ఉంటుంది. అక్కడ ఉష్ణశక్తి 0.5 eV. ఇప్పుడు కూడా n = 2 లో ఉండేవి చాలా తక్కువ, వంద కోట్ల పరమాణువుల్లో ఐదారు. కానీ సూర్యుడి మీద హైడ్రోజన్‌కు కొదవ లేదు. ఆ ఐదారే 656 nm దగ్గర నల్లటి గీత గీయడానికి సరిపోతాయి.

ఫోటాన్ శక్తి 13.6 కన్నా ఎక్కువైతే ‘సరిపోలే స్థాయి’ ఎక్కడ దొరుకుతుంది?

వెతకనక్కర్లేదు. సున్నాకు పైన స్థాయిలు విడివిడిగా ఉండవు, స్వేచ్ఛగా ఉన్న ఎలక్ట్రాన్‌కు ఏ శక్తైనా ఉండొచ్చు. 15 eV ఫోటాన్ భూస్థాయి పరమాణువును తాకితే 13.6 బయటపడడానికి పోయి, మిగతా 1.4 eV ఎలక్ట్రాన్ గతిజశక్తిగా వస్తుంది. కాబట్టి 12.5 eV ఫోటాన్ పనికిరాదు, 15 eV ఫోటాన్ పనికొస్తుంది. ప్రశ్నలో పరమాణువు n = 2 లో ఉందని ఇస్తే 13.6 బదులు 3.4 తీసివేయాలి. 300 nm కాంతి అంటే 4.13 eV, ఎలక్ట్రాన్ 0.73 eV తో బయటికి వస్తుంది.

హీలియం అయాన్ ఇస్తే ఏం మారుతుంది?

ఒక్క ఎలక్ట్రాన్ ఉన్నదేదైనా 13.6 స్థానంలో 13.6 Z² పెట్టడమే. హీలియం అయాన్‌కు 54.4. దీంతో ఒక తమాషా జరుగుతుంది. హీలియం అయాన్‌లో 6→4 రేఖ శక్తి 54.4 × 5/144 = 1.889 eV, అంటే హైడ్రోజన్ 3→2 ఎంతో అంతే. పికరింగ్ 1896లో ఒక నక్షత్రంలో చూసిన రేఖల వరస హైడ్రోజన్‌దే అనుకున్నారు. అది హీలియం అయాన్‌దని బోర్ 1913లో చెప్పాడు. రెండు రేఖలూ కచ్చితంగా ఒకేచోట పడవు, హైడ్రోజన్‌ది 656.3, హీలియం అయాన్‌ది 656.0 nm. కేంద్రకం బరువు వేరు కావడం వల్ల ఆ కాస్త తేడా. హీలియం అయాన్ 54.4 కూ హైడ్రోజన్ 13.6 కూ మధ్య నిష్పత్తి కచ్చితంగా 4 కాదు, 4.0016 అని బోర్ లెక్కగట్టి చూపించాడు. మన పరీక్షల్లో మాత్రం 4 అనే తీసుకుంటారు.

అన్నీ కలిపి ఒక పెద్ద లెక్క చేసి చూపిస్తారా?

ప్రశ్న ఇలా ఉందనుకుందాం. భూస్థాయిలోని హైడ్రోజన్ పరమాణువులు 97.25 nm కాంతిని శోషించాయి. తర్వాత అవి వెలువరించే కాంతి సీజియం మీద పడింది. సీజియం పని ప్రమేయం 2.14 eV. ఎన్ని రేఖలు వస్తాయి, వాటిలో ఎన్ని ఎలక్ట్రాన్లను బయటికి లాగుతాయి, గరిష్ఠ గతిజశక్తి ఎంత?

1240/97.25 = 12.75 eV. భూస్థాయికి కలిపితే −0.85, అంటే n = 4. రేఖలు 4×3/2 = 6. వాటి శక్తులు పట్టికలోంచి తీసివేసి చిన్నది నుంచి పెద్దదానికి రాస్తే:

```
4→3   0.66  eV
3→2   1.89  eV
4→2   2.55  eV
2→1   10.2  eV
3→1   12.09 eV
4→1   12.75 eV
```

మొదటి రెండూ 2.14 కన్నా తక్కువ, వాటితో పని జరగదు. మిగతా నాలుగు జరిపిస్తాయి. కనిపించే కాంతిలో రెండు రేఖలున్నాయి. ఎర్రటి 3→2 సీజియం మీద ఎంత ప్రకాశంగా పడ్డా ఒక్క ఎలక్ట్రాన్ రాదు, నీలం-ఆకుపచ్చ 4→2 మసకగా పడ్డా వస్తాయి. గరిష్ఠ గతిజశక్తి 12.75 − 2.14 = 10.61 eV, స్టాపింగ్ పొటెన్షియల్ 10.61 V.

ఇదే ప్రశ్నలో 97.25 nm కాంతి బదులు ‘12.75 eV ఎలక్ట్రాన్లు’ అని మార్చినా జవాబు మారదు. ‘12.9 eV ఎలక్ట్రాన్లు’ అన్నా మారదు, n = 5 కి 13.06 కావాలి. ‘12.9 eV ఫోటాన్లు’ అంటే మాత్రం ఆరు రేఖల్లో ఒక్కటీ రాదు.